పది నిమిషాల డెలివరీ వెనక డార్క్ స్టోర్: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో క్విక్ కామర్స్, అంటే ఆర్డర్ పెట్టిన నిమిషాల్లో సరుకు ఇంటికి పంపే వ్యాపారం. ఆ స్టోర్లకు సరుకు ప్లానింగ్ చేసే పని నాది. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి చుట్టాలు, అపార్ట్‌మెంట్ వాళ్లు, షట్టర్ అద్దెకివ్వాలనుకునే వాళ్లు అవే సందేహాలు తిప్పి తిప్పి అడుగుతున్నారు. అందుకే ఇలా ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా ఇబ్బంది లేదు. ఉదాహరణల్లో ఇచ్చిన రూపాయల లెక్కలు సంగతి అర్థం కావడానికి నేను వేసుకున్నవి, ఏ కంపెనీ ఖాతాల్లోవీ కావు.

## స్టోర్ తెరవకముందు

డార్క్ స్టోర్ అంటే అసలు ఏంటి? గోదామా, దుకాణమా?

చూడ్డానికి చిన్న గోదాములా ఉంటుంది గానీ లోపల అమరిక సూపర్‌మార్కెట్‌ది. తేడా ఒక్కటే, కొనేవాళ్లు లోపలికి రారు. సాధారణంగా 2,500 నుంచి 4,000 చదరపు అడుగుల గ్రౌండ్ ఫ్లోర్ తీసుకుంటారు. ర్యాకుల వరసలు, ఒక చల్లని గది, ఐస్‌క్రీములకు డీప్ ఫ్రీజర్లు, కూరగాయలకు ఒక మూల, తలుపు దగ్గర ప్యాకింగ్ బల్లలు, బయట రైడర్ల బళ్లు. ఇంతే ఉంటుంది. ప్రతి అరకు ఒక కోడ్ ఉంటుంది. సరుకు తీసే మనిషిని పికర్ అంటారు. అతనికి ఏ వస్తువు ఎక్కడుందో గుర్తుండక్కర్లేదు, చేతిలోని ఫోన్ చెప్పిన అర దగ్గరికి వెళ్లి స్కాన్ చేసి తీస్తాడు. ఒక స్టోర్ తన చుట్టూ రెండు మూడు కిలోమీటర్ల లోపల ఇళ్లకే సరుకు పంపుతుంది. మీ ఇంటికి ఏ స్టోర్ నుంచి పంపాలో యాప్ నిర్ణయిస్తుంది, మీరు ఎంచుకోలేరు.

నా కమర్షియల్ షట్టర్ డార్క్ స్టోర్‌కి అద్దెకిస్తే మంచిదేనా?

అద్దె సంగతి పక్కనపెట్టి ముందు మూడు విషయాలు చూసుకోండి. మొదటిది కరెంటు. చల్లని గది, ఫ్రీజర్లు రోజంతా నడవాలంటే మామూలు దుకాణానికిచ్చే లోడ్ చాలదు, జనరేటర్‌కి చోటు కూడా కావాలి. రెండోది బళ్లు. సాయంత్రం ఏడు దాటితే ముప్పై నలభై స్కూటర్లు ఒకేసారి నిలబడతాయి. రోడ్డు ఇరుకైతే పక్కింటి వాళ్ల ఫిర్యాదు మొదట మీ దగ్గరికే వస్తుంది. మూడోది తెల్లవారుజామున వచ్చే సరుకు వ్యాను. పైన కాపురాలుంటే మూడు నాలుగు గంటలకు క్రేట్లు దించే చప్పుడు ఎవరూ ఓర్చుకోరు. ఒప్పందంలో లాకిన్ కాలం, అంటే మధ్యలో వదిలి వెళ్లకూడని గడువు, ఎవరికి వర్తిస్తుందో జాగ్రత్తగా చదవండి. చాలాసార్లు అది యజమానిని కట్టేసినంతగా కంపెనీని కట్టేయదు. ఆర్డర్లు రాకపోతే కంపెనీ వెళ్లిపోతుంది, చల్లని గది కోసం పగలగొట్టిన గోడ మాత్రం మీకు మిగులుతుంది.

సూపర్‌మార్కెట్‌లో దొరికే సగం వస్తువులు ఇందులో ఎందుకు దొరకవు?

చోటు లేకనే అని చాలామంది అనుకుంటారు. చోటు ఒక కారణమే, కానీ అంతకన్నా గట్టి కారణం అమ్ముడయ్యే వేగం. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఏదో ఒక బ్రాండ్ పాస్తా సాస్ మీ స్టోర్‌లో వారానికి ఒకటి పోతుంది. కంపెనీ నుంచి అది 24 సీసాల పెట్టెగా వస్తుంది. ఆ పెట్టె మొత్తం ఒకే స్టోర్‌లో పెడితే అమ్మడానికి 24 వారాలు, అంటే దాదాపు ఆరు నెలలు పడుతుంది. ఈలోగా తేదీ దాటిపోవచ్చు. అన్నాళ్లూ ఒక అర దానికే కేటాయించాలి. అదే అరలో పాలో, నూడుల్సో పెడితే రోజూ ఖాళీ అయి నిండుతుంది.

ఈ చిక్కుకు విరుగుడు నగరం శివార్లలో ఉండే పెద్ద గోదాము. మా భాషలో మదర్ హబ్. పెట్టెలు అక్కడే విప్పి, ఈ స్టోర్‌కి రెండు, ఆ స్టోర్‌కి మూడు అని విడివిడిగా పంపుతారు. హబ్ ఎంత బాగా నడిస్తే స్టోర్ అంత ఎక్కువ రకాలు పెట్టగలదు. మొదట్లో ఈ స్టోర్లలో రెండు మూడు వేల రకాలే ఉండేవి. ఇప్పుడు చాలా చోట్ల అవి ఎన్నో రెట్లు పెరిగాయి, ఛార్జర్లు, కుక్కర్లు కూడా వచ్చాయి. అయినా పాలు, పెరుగు లాంటి రోజూ పోయేవి తప్ప, ఒక్కో రకంలో మూడు నాలుగు ముక్కలకు మించి ఉండవు. రకాలు పెరిగినా లోతు పెరగలేదు. అందుకే ఒకే వస్తువు ఆరు కావాలంటే యాప్ మూడు దగ్గరే ఆపేస్తుంది.

మా అక్కవాళ్లింట్లో గోంగూర, దోసెల పిండి చూపిస్తుంది, మా ఇంట్లో చూపించదు. యాప్ ఒకటే కదా?

యాప్ ఒకటే, స్టోర్లు వేరు. ప్రతి స్టోర్‌కి తన సరుకు జాబితా వేరుగా ఉంటుంది. దాన్ని ఆ చుట్టుపక్కల ఇళ్లు ఇదివరకు ఏం కొన్నాయో, ఏం వెతికి దొరక్క వదిలేశాయో చూసి తయారుచేస్తారు. వెతికి దొరకని మాటల జాబితా మాకు బంగారం. నిజాంపేటలో వెతికేది, బంజారాహిల్స్‌లో వెతికేది ఒకటి కాదు. మీ స్టోర్‌లో లేనిదాన్ని రెండు మూడుసార్లు వెతికి చూడండి. ఒక్క ఇంటి వెతుకులాటతో సరుకు రాదు గానీ, అపార్ట్‌మెంట్‌లో పదిమంది వెతికితే వచ్చే అవకాశం ఉంది.

## సరుకు వచ్చే వేళలు

స్టోర్‌కి సరుకు రోజుకు ఎన్నిసార్లు వస్తుంది?

సరుకును బట్టి మారుతుంది. పాలు, పెరుగు, బ్రెడ్డు, ఆకుకూరలు తెల్లవారుజామున వస్తాయి. ఉదయం ఆరు నుంచి పది దాకా మొదటి రద్దీ ఉంటుంది కాబట్టి అవి అప్పటికి అరల్లో ఉండి తీరాలి. బియ్యం, పప్పులు, బిస్కట్లు, సబ్బులు హబ్ నుంచి రాత్రిపూటో మధ్యాహ్నమో రోజుకు ఒకటి రెండు లోడ్లుగా వస్తాయి. సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా రెండో రద్దీ. ఆ సమయంలో వ్యాను వస్తే ఎవరికీ ఇష్టం ఉండదు. సరుకు దించి, లెక్క సరిచూసి, స్కాన్ చేసి అరలో పెట్టాల్సిన మనుషులే ఆర్డర్లు కూడా తీయాలి. వ్యాను తలుపు దగ్గర దించిన సరుకు అరలోకి ఎక్కేదాకా యాప్‌లో కనిపించదు. అందుకే సరుకు స్టోర్‌లోనే ఉన్నా మీకు ‘స్టాక్ లేదు’ అని చూపే గంటలు ఉంటాయి.

పెరుగు ప్యాకెట్లు ఎన్ని తెప్పించాలో ఎవరు లెక్కేస్తారు?

సాఫ్ట్‌వేర్ ఒక అంకె చెబుతుంది, పండగలు, క్రికెట్ మ్యాచ్‌లు, వాన వచ్చినప్పుడు మనిషి దాన్ని సవరిస్తాడు. అర కిలో పెరుగు ప్యాకెట్ తీసుకోండి. మామూలు రోజున 60 పోతాయి. రాత్రి తొమ్మిదికి లెక్క కట్టేటప్పుడు స్టోర్‌లో 12 మిగిలి ఉన్నాయి. రేపటికి 60, పైన జాగ్రత్తకు 15, మొత్తం 75 కావాలి. ఉన్న 12 తీసేస్తే 63. క్రేట్‌కి 12 ప్యాకెట్లైతే 60 తెప్పించాలి, లేదా 72. ఇక్కడే మనిషి తెలివి అవసరమయ్యేది. రేపు శనివారమైతే 72. మామూలు మంగళవారమైతే 60 చాలు.

60 తెప్పించిన రోజున ఏ ఇంట్లోనో సత్యనారాయణ వ్రతం పడి ఇరవై ప్యాకెట్లు ఒక్కసారే పోయాయనుకోండి. సాయంత్రానికి పెరుగు అయిపోతుంది, మళ్లీ తెల్లవారే దాకా రాదు. మరి 72 ఎందుకు తెప్పించరు అంటే, ప్యాకెట్ మీద మిగిలేది నాలుగైదు రూపాయలు, పారేస్తే పోయేది ముప్పై పైచిలుకు. ఒక ప్యాకెట్ పారేస్తే ఏడెనిమిది ప్యాకెట్ల లాభం కొట్టుకుపోతుంది. పెరుగు రెండో రోజుకీ పనికొస్తుంది కాబట్టి కాస్త ధైర్యం చేయొచ్చు. ఆకుకూరల్లో ఆ వెసులుబాటు లేదు.

రాత్రి తొమ్మిదికి కొత్తిమీర ఎప్పుడూ ఉండదు. ఇది నిర్లక్ష్యం కాదా?

చాలావరకు కావాలని చేసిందే. కట్ట ఎనిమిది రూపాయలకు కొని పదిహేనుకు అమ్ముతామనుకుందాం. అమ్మితే ఏడు మిగులుతుంది, మిగిలిపోతే ఎనిమిది పోతుంది. పారేసినా, దొరక్కపోయినా నష్టం దాదాపు సమానం. అలాంటప్పుడు లెక్క ప్రకారం సరైన కొనుగోలు ఏమిటంటే, రెండు రోజుల్లో ఒక రోజు సరుకు చాలకుండా పోయేంత. ప్రతి రాత్రీ కొత్తిమీర కట్టలు మిగిలే స్టోర్ నిజానికి డబ్బు పారబోస్తోంది.

కాకపోతే ఈ లెక్కకు బయట ఒక సంగతి ఉంది. కొత్తిమీర లేదని కొందరు మిగతా టమాటాలు, ఉల్లిపాయలు కూడా వదిలేసి వేరే యాప్‌కి పోతారు. అప్పుడు పోయేది ఏడు రూపాయలు కాదు, మొత్తం బుట్ట. అందుకని కొత్తిమీర, కరివేపాకు, పచ్చిమిర్చి, పాల లాంటి కొన్నిటికి లాభం లెక్క చూడకుండా ఎక్కువే తెప్పిస్తారు. ఆ జాబితాలో ఏది ఉండాలన్నది మా ఆఫీసులో ఎప్పటికీ తెగని గొడవ.

స్టాక్ ఉందని చూపించి, డబ్బు కట్టాక ‘దొరకలేదు, రీఫండ్’ అంటారు. ఎలా?

కంప్యూటర్‌లోని అంకెకీ, అరలోని సరుకుకీ తేడా వచ్చిందన్నమాట. ఎక్కువసార్లు వస్తువు పక్క అరలో ఉంటుంది. సరుకు సర్దే మనిషి తొందరలో ఒక గడి అటుఇటుగా పెట్టేస్తాడు. ఇంకొన్నిసార్లు గుడ్ల ట్రే పగిలినా, ప్యాకెట్ చిరిగినా లెక్కలోంచి తీసేయడం మరిచిపోతారు. పికర్‌కి వెతకడానికి నిమిషం కూడా ఉండదు కాబట్టి ‘లేదు’ నొక్కి ముందుకు పోతాడు. మంచి స్టోర్లలో ‘లేదు’ నొక్కిన ప్రతి అరనూ అదే రోజు మళ్లీ లెక్కపెడతారు. మీకు ఒకే వస్తువు వారంలో రెండుసార్లు ఇలా రద్దయితే, ఆ స్టోర్‌లో ఈ లెక్కింపు జరగట్లేదని అర్థం చేసుకోవచ్చు.

తేదీ దగ్గరపడిన సరుకు మనకే అంటగడతారా? శుభ్రత సంగతి?

స్టోర్‌లో పాటించాల్సిన పద్ధతి, ఏది ముందు పాడవుతుందో అది ముందు అమ్మడం. కాబట్టి అరలో ఉన్నవాటిలో పాతది మీకు రావడం తప్పు కాదు. మరీ పాతది రావడం తప్పు. ఇంటికి చేరేసరికి కనీసం 30 శాతం కాలమో, 45 రోజులో గడువు మిగిలి ఉండాలని ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2024 నవంబరులో ఇ-కామర్స్ కంపెనీలకు చెప్పింది. పచ్చళ్లు, పిండ్లు కొన్నప్పుడు తయారీ తేదీ కూడా చూడండి.

శుభ్రత విషయంలో భయం ఊహ కాదు. 2024 జూన్‌లో మేడ్చల్ దగ్గర దేవరయాంజాల్‌లోని బ్లింకిట్ గోదామును తెలంగాణ ఆహార భద్రత అధికారులు తనిఖీ చేసినప్పుడు దుమ్ము పట్టిన ర్యాకులు, ఆహారంతో కలిపి పెట్టిన సౌందర్య సామగ్రి బయటపడ్డాయి. 2025 జూన్‌లో ముంబై ధారావిలోని జెప్టో స్టోర్ లైసెన్సును మహారాష్ట్ర అధికారులు సస్పెండ్ చేశారు. మీ చేతిలో ఉన్న పరీక్ష ఐస్‌క్రీమ్. డబ్బా మూత లోపల మంచు పలుకులు దట్టంగా ఉండి, ఐస్‌క్రీమ్ కుంగిపోయి ఉంటే అది ఎక్కడో ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టింది. అలాంటి స్టోర్ నుంచి పనీర్, చికెన్ తెప్పించుకోకండి.

## ఆర్డర్ పడ్డాక

పది నిమిషాల్లో రావాలంటే రైడర్ ఎంత స్పీడుగా నడపాలి?

రోడ్డు మీద వేగం పెంచడం వల్ల పది నిమిషాలు రావు. దూరం తగ్గించడం వల్ల వస్తాయి. ఐదారు వస్తువులు తీయడానికి ఒకటిన్నర నిమిషం, సంచిలో వేసి ఇవ్వడానికి మరో అర నిమిషం పడుతుంది. ఒకటిన్నర కిలోమీటరు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తే నాలుగున్నర నిమిషాలు. గేటు, లిఫ్టు మరో రెండు మూడు. మొత్తం దాదాపు తొమ్మిది. లెక్క కుదిరింది కదా అనిపిస్తుంది. కానీ ఇందులో ఎక్కడా జారుబాటు లేదు. అదే ఇల్లు రెండున్నర కిలోమీటర్లుంటే ఒక్క ప్రయాణమే ఏడున్నర నిమిషాలు. గేటు దగ్గర రిజిస్టర్‌లో సంతకం పెట్టమంటే అయిపోయినట్టే.

ఆలస్యమైతే రైడర్‌కి జరిమానా లేదని కంపెనీలు చెబుతుంటాయి. అయినా తొందర ఉంటుంది. డబ్బు ఆర్డర్‌కి ఇంత అని వచ్చేటప్పుడు, ఒక ఆర్డర్ తొందరగా ముగిస్తేనే ఇంకో ఆర్డర్. జరిమానా లేకపోయినా యాక్సిలరేటర్ తిప్పించేది ఈ లెక్కే.

పది బదులు ఇరవై నిమిషాలంటే కంపెనీకి ఏమైనా తేడా పడుతుందా?

చాలా పడుతుంది. పది నిమిషాల మాట ఇస్తే ఒక రైడర్ ఒకే ఆర్డర్ తీసుకెళ్లాలి. వెళ్లడానికి ఐదు, ఇవ్వడానికి మూడు, తిరిగి రావడానికి ఐదు, స్టోర్ దగ్గర తర్వాతి ఆర్డర్ కోసం మరో ఐదు, మొత్తం 18 నిమిషాలు ఒక ఆర్డర్‌కి. ఇరవై నిమిషాలిస్తే అదే వీధికి పడిన రెండో ఆర్డర్ కోసం కాసేపు ఆగి రెండూ కలిపి పంపొచ్చు. రెండో ఇంటికి మరో రెండు నిమిషాలు, అక్కడ ఇవ్వడానికి మూడు కలిపితే మొత్తం 23. అంటే ఒక ఆర్డర్‌కి పదకొండున్నర. రైడర్ సమయం మూడో వంతుకు పైగా ఆదా.

రద్దీ వేళల్లో యాప్ ‘18 నిమిషాలు’ అని చూపిస్తే విసుక్కుంటాం గానీ, ఆ గంటలోనే స్టోర్ నిజంగా పొదుపుగా నడుస్తుంది.

## డబ్బు లెక్క

350 రూపాయల ఆర్డర్ మీద వాళ్లకు ఏం మిగులుతుంది?

సరుకు మీద మార్జిన్, బ్రాండ్లు యాప్‌లో ప్రకటనలకిచ్చే డబ్బు కలిపి 20 శాతం వేసుకుందాం, 70 రూపాయలు. మీ దగ్గర తీసుకున్న ఫీజు 10. చేతికొచ్చింది 80. ఖర్చులో రైడర్‌కి 40, స్టోర్ అద్దె, జీతాలు, కరెంటుకు 28, హబ్, వ్యానుకు 14, సంచి, పేమెంట్‌కి 7, పాడైన సరుకు, రీఫండ్లు, కస్టమర్ కేర్‌కి 8. మొత్తం 97. ఆర్డర్ మీద 17 రూపాయలు పోయాయి.

అదే బుట్ట 650 అయితే వచ్చేది 140. రైడర్‌కి అదే 40. స్టోర్ 31, హబ్ 26, సంచి వగైరా 9, పాడైనవి 13. మొత్తం 119. 21 మిగిలింది. రైడర్ ఖర్చు బుట్ట పెద్దదైనా పెరగదు, లాభం పెరుగుతుంది. ‘ఇంకో 60 రూపాయలవి కొంటే డెలివరీ ఉచితం’ అని యాప్ బతిమాలడం వెనక ఉన్నది ఇదే. పాల ప్యాకెట్లు అమ్మిన చోటే ఛార్జర్లు, లిప్‌స్టిక్‌లు ఎందుకు పెట్టారో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది. వాటి మీద మార్జిన్ ఎక్కువ, సంచిలో బరువు తక్కువ.

కొత్తగా తెరిచిన స్టోర్ కొన్ని నెలల్లో మూసేశారు. ఎందుకు?

అద్దె ఆర్డర్ల సంఖ్యను చూడదు. 3,500 చదరపు అడుగులు, అడుగుకు 80 రూపాయలైతే నెలకు 2.8 లక్షలు. రోజుకు 1,000 ఆర్డర్లు పడితే ఒక్కో ఆర్డర్ మీద అద్దె తొమ్మిది రూపాయలు. 400 పడితే 23. ఒక్క అద్దెతోనే 14 రూపాయల తేడా. తక్కువ ఆర్డర్లుంటే ఆకుకూరల పారబోత కూడా పెరుగుతుంది, ఎందుకంటే చిన్న అంకెలను అంచనా వేయడం కష్టం. రెండు వీధుల అవతల పోటీ స్టోర్ తెరుచుకుంటే ఈ పరిస్థితి రావడానికి ఎక్కువ రోజులు పట్టదు.

యూరప్‌లో ఇలాంటి కంపెనీలు మూతపడ్డాయి కదా. ఇక్కడ ఎలా నడుస్తోంది?

బెర్లిన్‌లో 2020లో పుట్టిన గొరిల్లాస్‌ను టర్కీ కంపెనీ గెటిర్ 2022 డిసెంబరులో కొనేసింది. ఆ గెటిరే 2024 ఏప్రిల్‌లో బ్రిటన్, యూరప్, అమెరికాల నుంచి వెనక్కి వెళ్లిపోతున్నట్టు ప్రకటించింది. గొరిల్లాస్ రైడర్లు ఉద్యోగులు, గంటకు జీతం. ఆర్డర్ లేక స్టోర్ ముందు నిలబడిన ఐదు నిమిషాలకూ కంపెనీ డబ్బు కట్టాలి. మన దగ్గర డబ్బు ప్రధానంగా ఆర్డర్‌కి ఇంత అని. నిలబడిన ఐదు నిమిషాలు రైడర్‌వి. పది నిమిషాల మాట నిలబడాలంటే ఎప్పుడూ కొందరు ఖాళీగా సిద్ధంగా ఉండాలి. ఆ ఖాళీ ఖర్చు ఎవరి మీద పడుతుందన్నదే నా దృష్టిలో రెండు చోట్లకూ అసలు తేడా. జనం దగ్గరదగ్గరగా ఉండడం, రోజూ పాలూ కూరగాయలూ కొనే అలవాటు దానికి తోడయ్యాయి.

ఈ పంపకం గొడవ లేకుండా సాగుతోందని కాదు. 2023 ఏప్రిల్‌లో బ్లింకిట్ ఆర్డర్‌కి ఇచ్చే కనీస మొత్తాన్ని 25 నుంచి 15కి తగ్గించి దూరాన్ని బట్టి ఇస్తామన్నప్పుడు ఢిల్లీ పరిసరాల్లో రైడర్లు పని ఆపేశారు, చాలా స్టోర్లు కొన్నాళ్లు మూతపడ్డాయి. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్ ప్రకారం ఇలాంటి కంపెనీలు టర్నోవర్‌లో ఒకటి నుంచి రెండు శాతం కార్మికుల నిధికి ఇవ్వాలి. 2026 జనవరిలో కేంద్ర కార్మిక మంత్రి మన్సుఖ్ మాండవీయ కంపెనీలతో మాట్లాడాక బ్లింకిట్ తన నినాదంలోంచి ‘10 నిమిషాలు’ తీసేసింది. స్టోర్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి, దూరాలూ అవే.

మా వైపు నుంచి రైడర్‌కి పని తేలికయ్యేలా ఏం చేయొచ్చు?

మ్యాప్‌లో పిన్ మీ బ్లాక్ గేటు మీద పెట్టండి, మెయిన్ రోడ్డు మీద కాదు. గేటెడ్ కమ్యూనిటీ అయితే ఆర్డర్ పెట్టగానే సెక్యూరిటీ యాప్‌లో అనుమతి ఇచ్చేయండి. డెలివరీ వాళ్లకు లిఫ్టు వద్దనే నిబంధన ఉంటే అసోసియేషన్ సమావేశంలో ఆ మాట ఎత్తండి, ఐదో అంతస్తుకు మెట్లెక్కే సమయానికి ఎవరూ డబ్బివ్వరు. ఉదయం పెరుగు, గంట తర్వాత ఉప్పు, మధ్యాహ్నం అగ్గిపెట్టె అని మూడు ఆర్డర్లు కాకుండా ఒకటే పెడితే మీకు ఫీజు కూడా మిగులుతుంది.